బిల్డరుకు నోటీసు: ఫ్లాటు కావాలా, డబ్బు కావాలా ముందు తేల్చుకోవాలి

నా ఫ్లాటు ఆలస్యమైన విషయంలో బిల్డరుకు నేను రెండు నోటీసులు పంపించాను. మొదటిది 2025 జనవరిలో ఒక వకీలు గారి చేత రాయించినది, ఆరు పేజీలు. రెండవది అదే ఏడాది మే 2న నేనే కూర్చుని రాసి, మరొక వకీలు గారికి చూపించి పంపినది, రెండున్నర పేజీలు. మొదటి దానికి వచ్చిన జవాబు చదివిన తరువాత వారం రోజుల పాటు నాకు సరిగా నిద్ర పట్టలేదు. రెండవ దానికి వచ్చిన జవాబు ఈ రోజు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ అయిన రెరాలో నేను వేసిన ఫిర్యాదుకు అన్నిటికంటే బలమైన కాగితం. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడ వచ్చిందో, నాలాగే అప్పు తెచ్చి, అద్దె ఇంట్లో ఉంటూ ఎదురుచూస్తున్న వారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు సంగతులు చెబుతాను. హైదరాబాదు పడమటి శివార్లలో ఒక అపార్ట్‌మెంటులో 1,240 చదరపు అడుగుల ఫ్లాటు, మొత్తం ధర 72 లక్షలు. అమ్మకపు ఒప్పందం 2021 జూలై 9న రిజిస్టరయింది. 2023 డిసెంబరు 31 నాటికి అప్పగిస్తామని, అనివార్య కారణాలుంటే మరో ఆరు నెలలు గ్రేస్ పీరియడ్ ఉంటుందని అందులో రాసి ఉంది. అంటే ఎంత ఉదారంగా లెక్క వేసినా 2024 జూన్ 30 చివరి తేదీ. ఆ తేదీకి నేను 57 లక్షల 60 వేలు, అంటే 80 శాతం చెల్లించి ఉన్నాను. టైల్స్ పని మొదలైందని చెప్పి మరో 10 శాతం అడిగితే 2024 అక్టోబరు 1న 7 లక్షల 20 వేలు కట్టాను. మిగిలిన 10 శాతం అప్పగింత నాడు ఇవ్వవలసినది. సైటు ఆఫీసుకు వెళ్లిన ప్రతిసారీ వినిపించిన మాట ఒక్కటే: "దసరాకి ఇచ్చేస్తాం సార్." దసరా వెళ్లాక అదే మాట సంక్రాంతి మీదికి జరిగింది.

మొదటి నోటీసులో చెప్పుకున్న కష్టాల్లో అబద్ధం ఏదీ లేదు. కాని అందులో రెండు కోరికలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒక పేరాలో ఫ్లాటును వెంటనే అప్పగించి ఆలస్యానికి వడ్డీ ఇవ్వాలని, మరుసటి పేరాలో నేను కట్టిన సొమ్మంతా వడ్డీతో సహా వాపసు చేయాలని ఉంది. వీటికి తోడు పాతిక లక్షల మనోవేదన పరిహారం, మోసం కింద క్రిమినల్ కేసు పెడతామన్న హెచ్చరిక, దాదాపు పదిహేను సెక్షన్ల జాబితా కూడా చేరాయి. అన్నీ అడిగితే ఏదో ఒకటి దక్కుతుందన్నది ఆ వకీలు గారి ఆలోచన. బిల్డరు తరఫు జవాబు ఆ రెండు కోరికలనూ పట్టుకుంది: "మీ క్లయింటు సొమ్ము వాపసు కోరినందున ఒప్పందం నుంచి వైదొలగినట్లు భావిస్తున్నాము. ఒప్పందం ప్రకారం తగ్గింపులు పోను మిగిలినది ఫ్లాటు వేరొకరికి అమ్ముడైన తరువాత చెల్లిస్తాము." నేను 2021లో కొన్న ధరకూ 2025లో ఆ ప్రాంతపు ధరకూ ఉన్న తేడా చూస్తే, నన్ను సాగనంపి ఆ ఫ్లాటును తిరిగి అమ్ముకోవడం వారికి ఎంత లాభమో చెప్పనక్కరలేదు. ఆ అవకాశాన్ని మా నోటీసే వారి చేతికి ఇచ్చింది.

రియల్ ఎస్టేట్ చట్టం, 2016 లోని 18వ సెక్షను ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ఒప్పందంలోని తేదీకి ప్రమోటరు, అంటే బిల్డరు, ఫ్లాటు ఇవ్వలేకపోతే కొనుగోలుదారు ముందు రెండు దారులు ఉంటాయి. ప్రాజెక్టు నుంచి వైదొలగితే కట్టిన సొమ్ము వడ్డీతో సహా వాపసు వస్తుంది, పరిహారం కోరే హక్కు కూడా ఉంటుంది. వైదొలగకుండా ఉంటే, అప్పగించే వరకు ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ వస్తుంది. ఏ దారిలో వెళ్లాలో ఎంచుకునే హక్కు పూర్తిగా కొనుగోలుదారుదే. తేదీ దాటితే వాపసు కోరడం షరతులు లేని హక్కు అని సుప్రీంకోర్టు 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో చెప్పింది. వినియోగదారుల కమిషన్లలో "ఇది, కానిపక్షంలో అది" అని ప్రత్యామ్నాయంగా కోరడం అలవాటులో ఉన్న మాట నిజమే. కాని నోటీసు అన్నది జడ్జి ముందు చేసే ప్రార్థన కాదు. ఎదుటివారు తమకు అనుకూలంగా చదువుకుని, మన తరఫున తామే ఎంపిక చేయడానికి వీలున్న కాగితం. అందుకే నోటీసులో ఒక్క దారే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఆ ఎంపికను ఆవేశంలో చేయకూడదు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా ఆవిడా నేనూ సైటుకు వెళ్లి అయిదు అంతస్తులూ మెట్ల మీద ఎక్కి చూశాము. మా ఫ్లాటులో గోడలకు పుట్టీ అయింది, కిటికీలు బిగించారు, వంటింటి గట్టు వేశారు. లిఫ్టు గుంత మాత్రం ఖాళీగా ఉంది; దానికి అడ్డంగా కట్టిన వెదురు బొంగుల మీద సిమెంటు ఎండి గట్టిపడి ఉంది. మీటర్ల గదిలో ఒక్క మీటరూ లేదు, తాత్కాలిక కనెక్షను మీదే పని నడుస్తోంది. పునాదుల దగ్గరే ఆగిపోయిన ప్రాజెక్టు అయితే, లేదా బిల్డరు చేతులెత్తేసే సూచనలు కనిపిస్తే, వాపసు కోరడమే మేలు. మాది అలాంటిది కాదు. పని ఆగలేదు, నత్తనడకన సాగుతోంది. అందుకని మేము ఫ్లాటునూ, నెలనెలా వడ్డీనీ ఎంచుకున్నాము. రెండవ నోటీసు మొదటి పేరాలోనే ఆ సంగతి రాశాను: "నేను ప్రాజెక్టు నుంచి వైదొలగడం లేదు. 2025 జనవరి నాటి నా నోటీసులో సొమ్ము వాపసుకు సంబంధించిన కోరికను ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. ఒప్పందం అమలులోనే ఉంది. మిగిలిన 10 శాతం సొమ్మును అప్పగింత నాడు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను." ఈ చివరి వాక్యం మర్యాద కోసం రాసినది కాదు. బాకీ సాకు చూపి కేటాయింపు రద్దు చేసే ఆలోచన వారికి ఉంటే, దానికి ముందే వేసిన అడ్డుకట్ట అది.

ఆ తరువాత తేదీ. ఆలస్యం ఎప్పటి నుంచి మొదలైందో నోటీసులో ఒకే ఒక్క తేదీగా ఉండాలి. మొదటి నోటీసు "సుమారు ఏడాదిన్నరగా" అంది. అది లెక్కకు నిలవదు. గ్రేస్ పీరియడ్‌కు చూపవలసిన అనివార్య కారణాలేవీ లేవు కనుక 2023 డిసెంబరు 31 నుంచే లెక్కించాలని వాదించవచ్చు. నేను అలా చేయలేదు. ఆరు నెలల వడ్డీ వదులుకుంటున్నానని తెలిసే, 2024 జూలై 1 నుంచి లెక్క వేశాను. ఎందుకంటే ఆ ఆరు నెలల మీద వాదన మొదలైతే మిగిలిన లెక్కంతా దాని వెనుక నిలిచిపోతుంది. ఇది నా ఎంపిక మాత్రమే, అందరూ ఇలాగే చేయాలని అనను.

మొదటి నోటీసుకు బిల్డరు ఇచ్చిన జవాబులో తేదీ మీద రెండు సాకులు ఉన్నాయి. ఒకటి కోవిడ్. మొదటి లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది. తెలంగాణలో రెండవ విడత లాక్‌డౌన్‌ను 2021 జూన్ 20 నుంచి ఎత్తివేశారు. మా ఒప్పందం జూలై 9 నాటిది. అంటే జరిగినదంతా చూసి, తెలిసి, ఆ తరువాతే వారు 2023 డిసెంబరు అని సంతకం పెట్టారు. రెండవ నోటీసులో ఈ మూడు తేదీలనూ ఒకదాని కింద ఒకటి రాశాను, మీద వ్యాఖ్య ఏమీ చేయలేదు. రెండవ సాకు, రెరాలో ప్రాజెక్టు రిజిస్ట్రేషను గడువు పొడిగించారు కనుక అప్పగింత తేదీ కూడా జరిగిందన్నది. చాలా మంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. రిజిస్ట్రేషను పొడిగింపు అన్నది బిల్డరుకూ రెరాకూ మధ్య సంగతి. దానివల్ల నాతో చేసుకున్న ఒప్పందంలోని తేదీ మారదు. చట్టం కొనుగోలుదారుకూ ప్రమోటరుకూ మధ్య ఒప్పందాన్ని తిరగరాయదని, ఆలస్యాన్ని ఒప్పందంలోని తేదీ నుంచే లెక్కించాలని బొంబాయి హైకోర్టు 2017 డిసెంబరులో నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో స్పష్టం చేసింది.

వడ్డీ లెక్క గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా మొదటి నోటీసు పరువు పోయింది ఇక్కడే. అందులో వడ్డీని 72 లక్షల మీద, 24 శాతం చొప్పున వేశారు. నేను 72 లక్షలు కట్టనే లేదు. 24 శాతం అన్నది నేను ఆలస్యంగా కడితే వారు నా దగ్గర వసూలు చేస్తామని ఒప్పందంలో రాసుకున్న రేటు. అదే రేటు వారికీ వర్తించాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. ప్రమోటరు చెల్లించే వడ్డీ, కొనుగోలుదారు చెల్లించే వడ్డీ ఒకే రేటులో ఉండాలని చట్టం నిర్వచనమే చెబుతోంది. కాని ఆ సమాన రేటు ఎంతో తెలంగాణ నియమాలే నిర్ణయించాయి: స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్‌కు, అంటే అప్పుల మీద బ్యాంకు పెట్టుకున్న కనీస వడ్డీ రేటుకు, 2 శాతం కలిపిన రేటు. దానికి మించి అడిగితే రెరా ఇవ్వదు, బిల్డరు వకీలుకు మాత్రం చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. ఆ రేటు నేను లెక్క వేసే నాటికి 11 శాతానికి కాస్త అటూఇటూగా ఉంది కనుక 11 అనే వేసుకుని, ఉత్తర్వు నాటి అసలు రేటు ప్రకారం మార్పునకు లోబడి అని రాశాను.

లెక్క ఇలా తేలింది. గడువు నాటికే కట్టి ఉన్న 57,60,000 మీద నెలకు వడ్డీ 52,800. 2024 జూలై నుంచి 2025 ఏప్రిల్ చివరి వరకు పది నెలలకు 5,28,000. అక్టోబరులో కట్టిన 7,20,000 మీద నెలకు 6,600. ఆ సొమ్ము వారి చేతిలో ఉన్నది అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏడు నెలలే కనుక 46,200. మొత్తం 5,74,200 రూపాయలు. మే 1 నుంచి అప్పగింత వరకు నెలకు 59,400 చొప్పున పెరుగుతూ ఉంటుంది. రెండు మొత్తాలనూ కలిపి పది నెలలకూ ఒకే వడ్డీ వేసి ఉంటే 5,94,000 వచ్చేది. తేడా 19,800 మాత్రమే. అయినా ఆ చిన్న తప్పును ఎదుటి వకీలు పట్టుకుంటే మిగిలిన అంకెలన్నీ అనుమానంలో పడతాయి. ప్రతి చెల్లింపుకూ తేదీ, బ్యాంకు లావాదేవీ నంబరు, వారి రసీదు నంబరు ఒక పట్టికగా జత చేశాను. బ్యాంకు నేరుగా బిల్డరుకు విడుదల చేసిన లోను వాయిదాలకు చాలా మంది రసీదులు అడిగి తీసుకోరు. నేనూ తీసుకోలేదు, లోను ఖాతా స్టేట్‌మెంటు తెప్పించుకుని ఆ ఖాళీలను పూరించుకోవలసి వచ్చింది.

ఇక నోటీసులో వదిలేసినవి. నెలకు 22 వేల అద్దె, లోను వడ్డీ, మా నాన్నగారు కొత్త ఇంట్లో అడుగుపెట్టకుండానే పోయిన బాధ, ఇవన్నీ మొదటి నోటీసులో ఉన్నాయి. వీటిలో ఏదీ అబద్ధం కాదు, మాకు ఇవి చిన్నవీ కావు. కాని రెరాలో వడ్డీనీ వాపసునూ అథారిటీ తేలుస్తుంది. పరిహారాన్ని 71వ సెక్షను కింద న్యాయ నిర్ణయాధికారి విడిగా విచారిస్తారు. రెండింటినీ కలగలిపి రాస్తే, లెక్కకు నిలిచే 5,74,200 రూపాయలు కూడా తేల్చలేని పాతిక లక్షల పక్కన కొట్టుకుపోతుంది. పైగా లోను వడ్డీని విడిగా రాబట్టడం తేలిక కాదు. వాపసుతో పాటు వడ్డీ ఇప్పించిన తరువాత కొనుగోలుదారు తెచ్చుకున్న అప్పు మీది వడ్డీని కూడా డెవలపరు మీద వేయడం కుదరదని నా నోటీసు వెళ్లిన తరువాత, 2025 జూన్‌లో, సుప్రీంకోర్టు కూడా మొహాలీ అభివృద్ధి సంస్థ కేసులో చెప్పింది. కలగలపడం ఇష్టం లేకనే నోటీసులో "పరిహారం కోరే నా హక్కును నిలుపుకుంటున్నాను" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. క్రిమినల్ కేసు మాట పూర్తిగా తీసేశాను. ఆలస్యమైన ప్రతి ఒప్పందమూ మోసం కాదు, నేను వేయని కేసు వేస్తానని రాయడం నా మిగతా మాటల విలువనే తగ్గిస్తుంది.

గడువు విషయంలో నాకు చాలా తర్జనభర్జన జరిగింది. అన్నిటికీ కలిపి 15 రోజులు అని రాయడం ఆనవాయితీ. కాని లిఫ్టే లేని భవనాన్ని 15 రోజుల్లో అప్పగించమంటే అది జరిగే పని కాదని రాసిన వారికీ తెలుసు, చదివిన వారికీ తెలుసు. రేపు అథారిటీ ముందు ఆ కాగితం పెడితే, నేను నిజంగా పరిష్కారం కోరానా, కేసుకు దారి వేసుకున్నానా అన్న ప్రశ్న వస్తుంది. కనుక ఏ పనికి ఎంత సమయం సరిపోతుందో చూసి మూడు కోరికలకు మూడు గడువులు పెట్టాను. ఆ భాగం యథాతథంగా ఇది:

"ఒకటి: ఈ నోటీసు అందిన 7 రోజుల లోపు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కోసం మీరు దరఖాస్తు చేసి ఉంటే దాని నకలును, చేయకపోతే ఆ సంగతిని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. రెండు: 15 రోజుల లోపు, 2025 ఏప్రిల్ 30 వరకు బకాయి పడిన వడ్డీ 5,74,200 రూపాయలను చెల్లించాలి, లేదా మిగిలిన 10 శాతం సొమ్ములో సర్దుబాటు చేస్తున్నట్లు సంతకంతో తెలియజేయాలి. మూడు: 15 రోజుల లోపు, లిఫ్టు, విద్యుత్ మీటర్లు, అగ్నిమాపక ఏర్పాట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఒక్కొక్కటి ఏ తేదీకి పూర్తవుతాయో తెలిపి, 2025 సెప్టెంబరు 30 దాటని అప్పగింత తేదీని ఇవ్వాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా ఇచ్చే తాళాలను నేను అప్పగింతగా అంగీకరించను."

ఈ చివరి వాక్యం వెనుక ఒక అనుభవం ఉంది. మార్చిలో సైటు ఇన్‌చార్జి ఫోను చేసి, "ఇంటీరియర్స్ పని మొదలుపెట్టుకోండి సార్, తాళాలు ఇస్తాం, ఒక చిన్న కాగితం మీద సంతకం పెడితే చాలు" అన్నాడు. ఆ కాగితం తెప్పించి చూస్తే, ఫ్లాటు స్వాధీనం చేసుకున్నామని, ఆలస్యానికి సంబంధించి ఎలాంటి క్లెయిమూ లేదని ఉంది. మా పైఅంతస్తు వారు అప్పటికే సంతకం పెట్టేశారు. చట్టం దృష్టిలో, భవనం నివాసానికి తగినదని స్థానిక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తరువాత జరిగేదే అసలు అప్పగింత. ఒత్తిడిలో పెట్టిన సంతకం వల్ల అన్ని హక్కులూ పోవు. రిజిస్ట్రేషను చేయించుకున్నంత మాత్రాన ఆలస్య పరిహారం కోరే హక్కు పోదని 2020 ఆగస్టులో డీఎల్ఎఫ్ సదరన్ హోమ్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. కాని సంతకం పెట్టి ఆ తరువాత పోరాడడం కంటే, పెట్టకుండా ఉండడం చాలా తేలిక.

నోటీసు ఎవరి పేరున పంపాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, మన ఊళ్లలో ఇది ముఖ్యం. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లు స్థల యజమానులకూ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద లేస్తాయి. మన ఫ్లాటు ఎవరి వాటాలోదో ఒప్పందం చూస్తే తెలుస్తుంది. స్థల యజమాని వాటాలోది కొన్నవారికి బిల్డరు "మీకూ మాకూ ఒప్పందమే లేదు" అంటాడు, యజమాని "కట్టేది ఆయన కదా" అంటాడు. కట్టేవారూ అమ్మేవారూ వేర్వేరైనా ఇద్దరూ ప్రమోటర్లేనని, ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యతని చట్టం 2వ సెక్షనులోనే ఉంది. మాది బిల్డరు వాటా ఫ్లాటే అయినా, ఒప్పందంలో సంతకం చేసిన ముగ్గురు స్థల యజమానులకు కూడా పంపాను. కంపెనీకి సైటు ఆఫీసు చిరునామా కాకుండా రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు, ఒప్పందంలో ఇచ్చిన చిరునామాకు, ఈమెయిలుకు పంపాను. పోస్టాఫీసు రసీదు, ట్రాకింగులో అందినట్లు చూపే పేజీ ప్రింటు, రెండూ ఫైలులో పెట్టుకున్నాను. రిజిస్టర్డ్ పోస్టును 2025లోనే స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక, ఇప్పుడు పంపేవారు కౌంటరులో అందినట్లు రుజువు వచ్చే సేవను ప్రత్యేకంగా అడిగి తీసుకోవాలి.

రెరాకు వెళ్లడానికి ముందు నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. నేరుగా ఫారం ఎం లో ఫిర్యాదు వేయవచ్చు. మరి ఇంత శ్రమ ఎందుకని మా తోటి కొనుగోలుదారులు కొందరు అడిగారు. బిల్డరు భయపడి దిగివస్తాడని నేను ఎన్నడూ అనుకోలేదు. ఒక్క సూటి ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు రాబట్టడమే నా ఉద్దేశం. మొదటి కోరికను ఏడు రోజుల గడువుతో, అది కూడా అవునో కాదో చెప్పే ప్రశ్నగా పెట్టింది అందుకే.

జవాబు పదమూడవ రోజున వచ్చింది. వడ్డీ గురించి ఒక్క మాట లేదు. కోవిడ్ ఊసు ఈసారి లేదు. ఒప్పందం నుంచి నేను వైదొలిగానన్న వాదన కూడా లేదు. రెండవ పేజీలో ఇలా ఉంది: "ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కొరకు దరఖాస్తును లిఫ్టు పనులు పూర్తయిన తరువాత సమర్పించగలము." అదే బిల్డరు ఫిబ్రవరి నాటి జవాబులో ఫ్లాటు "అప్పగింతకు సిద్ధంగా ఉన్నదని" రాశాడు. జూన్ మొదటి వారంలో వేసిన ఫిర్యాదుకు ఆ రెండు ఉత్తరాలనూ పక్కపక్కన జత చేసి, ఆ రెండు వాక్యాల కింద పెన్సిలుతో గీత గీశాను.